చికెన్ బ్రెస్ట్, ఓవెన్, నా పరువు తీసిన ముల్లు

నిన్న రాత్రి చికెన్ బ్రెస్ట్ బేక్ చేశాను. కోస్తే రసం కారింది. అంతకు ముందు వారం ఇదే వంటతో అక్క, బావల ముందు తల దించుకున్నాను కాబట్టి, ఆ మంట చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

మొదటిసారి చేసినప్పుడు ముక్కలను ఉన్నవున్నట్టే ట్రేలో పెట్టాను. చికెన్ బ్రెస్ట్ ఒకవైపు నాలుగు సెంటీమీటర్లు లావుగా ఉంటుంది, తోక వైపుకి వచ్చేసరికి ఒక సెంటీమీటరు కూడా ఉండదు. లావు వైపు ఉడికే లోపు తోక తాడులా అయిపోయింది. ఇందులో ఓవెన్ తప్పేమీ లేదు. లావు, పలచన ఒకే ముక్కలో ఉంటే రెండూ ఒకే సమయానికి ఉడకమంటే ఎలా ఉడుకుతాయి?

దానికి మందు దంచడమే. అడుగున అతుక్కుని ఉండే సన్నటి పోగు ముక్కను లాగి పక్కన పెట్టాలి. మిగిలిన దాన్ని రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య ఉంచి, అప్పడాల కర్రతో లావు వైపు నుంచి మొదలుపెట్టి బయటికి తోస్తున్నట్టుగా కొట్టాలి. తోకను అసలు ముట్టుకోకూడదు. నేను మొదట కసిగా మధ్యలోనే బాదాను, ముక్క చిరిగి చిల్లులు పడింది. నెమ్మదిగా కొడితే రెండు నిమిషాల్లో అంతా ఒకేలా, సుమారు రెండు సెంటీమీటర్ల మందానికి వస్తుంది. ప్లాస్టిక్ ఎందుకంటే, అది లేకుండా కొడితే పచ్చి రసం వంటగది అంతా చిందుతుంది. అదే కారణానికి చికెన్‌ని కుళాయి కింద కడగడం కూడా మానేశాను. కడిగితే క్రిములు పోవు, సింకు చుట్టూ అంటుకుంటాయి.

దంచాక ఉప్పు రాసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. తర్వాత పైనున్న తడిని అద్ది తీసేసి, నూనె, మిరియాల పొడి రాశాను. ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్‌లో బాగా వేడెక్కాకే ట్రే లోపలికి పెట్టాను. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే మెత్తగా వస్తుందని చాలామంది అంటారు. పలచటి ముక్కకు నాకైతే ఎక్కువ వేడి, తక్కువ సమయమే కలిసొచ్చింది. పైన కాస్త రంగు కూడా వస్తుంది.

ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. ఎప్పుడు తీయాలన్న దగ్గరే నా పరువు పోయింది.

అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసానికి చెప్పే లెక్క 74 డిగ్రీలు (165 ఫారన్‌హీట్). ముక్క నడిమధ్య ఆ వేడికి చేరితే ప్రమాదకరమైన క్రిములు దాదాపు వెంటనే చస్తాయి. అది దాటి 80 వైపు వెళ్తే మాంసంలోని ప్రొటీన్లు బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తాయి. రంగు చూసి చెప్పొచ్చు, రసం తేటగా ఉంటే చాలు అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు. నా మాట వినండి, అది నమ్మకండి. పూర్తిగా ఉడికిన ముక్క కూడా ఒక్కోసారి గులాబీ రంగులో ఉంటుంది, రసం తేటగా కనిపించినా లోపల చాలినంత వేడెక్కకపోవచ్చు. అందుకే గుండ్రటి డయల్, ముల్లు, పొడవాటి పుల్ల ఉన్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. కొట్టతను "అందరూ ఇదే తీసుకుంటారు సార్" అన్నాడు.

నేను గుడ్డిగా నమ్మే రకం కాదు. ఐసు ముక్కలు నిండిన నీళ్లలో ముంచి చూశాను, ముల్లు సున్నా మీద నిలబడింది. మరిగే నీళ్లలో పెట్టాను, వంద దగ్గరికి వచ్చింది. ఇక దీనికి తిరుగు లేదనుకున్నాను. భోజనానికి వచ్చిన బావకి ఈ పరీక్షలన్నీ గొప్పగా వివరించాను కూడా.

పద్నాలుగో నిమిషంలో ట్రే బయటికి తీసి, ముక్క పైనుంచి నిలువుగా గుచ్చాను. 58. మళ్లీ లోపల పెట్టాను. పద్దెనిమిదో నిమిషంలో 63. అందరూ టేబుల్ దగ్గర కూర్చున్నారు. అక్క "ఆకలేస్తోందిరా" అంది. ఇరవై రెండు నిమిషాలకు 67. ముక్కేమో అంచుల్లో ముడుచుకుపోతోంది, ముల్లేమో ఇంకా పచ్చిగానే ఉందంటోంది. కళ్లను నమ్మాలా, ముల్లును నమ్మాలా? ముల్లునే నమ్మాను. చివరికి ఇరవై ఏడో నిమిషంలో 74 చూపించింది.

బావ ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "ఏరా, దీంతో పాటు దవడలు కూడా అద్దెకిస్తావా?" అన్నాడు. అక్క నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగింది. నేను "కరెక్టుగా 74 దగ్గర తీశాను బావా" అని మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అంటే అంత వెర్రివాడిలా కనిపించానని ఇప్పుడు అర్థమవుతోంది.

మర్నాడు కొట్టుకి ఫోన్ చేస్తే "మీ ఓవెన్‌లో ప్రాబ్లం ఉంటుంది సార్" అని పెట్టేశాడు. అమ్మే వస్తువు ఎలా పనిచేస్తుందో అమ్మేవాడికి తెలియదు, అయినా తప్పు మాత్రం మనదే.

పుల్లను కడుగుతుంటే దొరికింది అసలు సంగతి. కొన నుంచి సుమారు ఐదు సెంటీమీటర్ల పైన పుల్ల మీద చిన్న నొక్కు ఉంది. గ్లాసులో వేడినీళ్లు పోసి కొన మాత్రం రెండు సెంటీమీటర్లు ముంచాను. ముల్లు 60 దగ్గర ఆగింది. ఇంకాస్త దించాను, పాకింది. నొక్కు మునిగేదాకా దించేసరికి 80 దాటింది. నీళ్లు అవే, గ్లాసు అదే! ఈ రకం థర్మామీటర్ వేడిని కొనలో కాదు, ఆ నొక్కు దాకా ఉన్న పుల్ల పొడవునా కొలిచి సగటు చూపిస్తుంది. ఐసులో, మరిగే నీళ్లలో నిండా ముంచాను కాబట్టి పరీక్ష పాసైంది. రెండు సెంటీమీటర్ల ముక్కలో పైనుంచి గుచ్చితే మిగిలిన మూడు సెంటీమీటర్లు వంటగది గాలిని కొలిచాయి. అందుకే అంత తక్కువ చూపించింది. నేను దంచి పలచన చేసిన కొద్దీ అది ఇంకా ఎక్కువ అబద్ధం చెప్పింది.

నిన్న ముక్కను పక్కనుంచి గుచ్చాను. లావు అంచులోంచి, మందానికి సరిగ్గా మధ్యలో, ట్రేకి సమాంతరంగా, నొక్కు మునిగేదాకా. పన్నెండో నిమిషంలో 64. పుల్లను సబ్బుతో కడిగాను, ఎందుకంటే పచ్చి మాంసంలో దిగిన పుల్ల కదా. పద్నాలుగున్నరకి 72 రాగానే తీసి, వేడి ప్లేటులో పెట్టి రేకు కప్పాను. ఐదు నిమిషాల్లోపే ముల్లు 74కి చేరింది. బయటికి తీశాక కూడా అంచుల వేడి లోపలికి పాకుతుంది. కానీ పలచటి ముక్కలో అది రెండు మూడు డిగ్రీలకు మించదు, కాబట్టి ఎలాగూ పెరుగుతుందిలే అని 66 దగ్గర తీసేయకండి. 74 కనిపించకపోతే మళ్లీ ఓవెన్‌లోకే. గుచ్చితే రసమంతా పోతుందని బెదిరించేవాళ్లు ఉంటారు. నా ముక్కలోంచి పోయింది రెండు చుక్కలు. గుచ్చకపోవడం వల్ల పోయేది మొత్తం ముక్క.

డిజిటల్ థర్మామీటర్లు కొన దగ్గరే కొలుస్తాయి, పలచటి ముక్కలకు అవే నయం. కొత్తది కొనేవాళ్లు అదే కొనండి. నేను మాత్రం పాతదాన్ని పారేయలేదు.

అక్క, బావలని మళ్లీ పిలిచాను. బావ తినకముందే థర్మామీటర్ అందుకుని, "ఏదీ, నీ 74 చూద్దాం" అంటూ పైనుంచి గుచ్చబోయాడు. నేను చెయ్యి పట్టుకుని పక్కకు తిప్పాను.