శాలరీ అకౌంట్‌ను జీరో బ్యాలెన్స్‌కు మార్చుకున్నాను: నా అనుభవం

ఉద్యోగం మారాక కొత్త జీతం వేరే బ్యాంకులో పడటం మొదలైంది. పాత శాలరీ అకౌంట్‌లో కొన్ని నెలలు జీతం పడకపోయేసరికి బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేసింది. అప్పటి నుంచి స్టేట్‌మెంట్‌లో మినిమమ్ బ్యాలెన్స్ కటింగ్‌లు కనిపించాయి.

లెక్క చూస్తే ఆశ్చర్యమేసింది. నెల సగటు 5,000 రూపాయలు ఉండాలి. ఆ నెల మొదటి పది రోజులు 12,000 ఉంది, తర్వాత ఇరవై రోజులు 1,000. రోజు చివరి బ్యాలెన్స్‌లన్నీ కూడితే 1,40,000, ముప్పైతో భాగిస్తే 4,667. అంటే 333 తక్కువ. ఆ డబ్బు ఒక్క రోజు ఆలస్యంగా తీసి ఉంటే సగటు 5,033 అయ్యేది, పైసా కట్ అయ్యేది కాదు. నెలాఖరున ఒక్క రోజు 5,000 వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, సగటు లెక్కలో దానికి పెద్ద విలువ లేదు.

ఇలా ప్రతి నెలా లెక్కలేసుకోవడం నా వల్ల కాదు. అందుకే బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్‌కు మార్చమన్నాను. 2012 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమాల్లో ఉన్న ఖాతా ఇది. మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం. కౌంటర్‌లో ఉన్నాయన “అది పేదవాళ్లకండీ, మీకెందుకు?” అన్నారు. ఆదాయ పరిమితి ఏదీ లేదండీ, ఎవరైనా తీసుకోవచ్చు అన్నాను. మేనేజర్ ఒప్పుకుని, రాతపూర్వకంగా అర్జీ ఇమ్మన్నారు. ఆధార్, పాన్ జతచేసి ఇచ్చాను.

ఇక్కడొక మెలిక ఉంది. కేవైసీ పత్రాలు లేకుండా తెరిచే ‘స్మాల్ అకౌంట్’ కూడా ఈ కోవలోదే. కానీ దాంట్లో బ్యాలెన్స్ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీయకూడదు. పూర్తి కేవైసీతో మార్పించుకుంటే ఆ పరిమితులుండవు. అర్జీలో ఆ మాట స్పష్టంగా రాశాను.

మారాక అలవాట్లు కొంచెం సర్దుకోవాల్సి వచ్చింది. పాత ఖాతాలో వేరే బ్యాంకు ఏటీఎం వాడకం మెట్రోల్లో మూడుసార్లు, మిగతా చోట్ల ఐదుసార్లు ఉచితం. బ్యాలెన్స్ చూసుకున్నా ఒకటి ఖర్చయినట్టే. ఆపైన ఒక్కోసారికి, 2025 మే నుంచి, 23 రూపాయల దాకా, పన్ను అదనం. కొత్త ఖాతాలో బ్యాంకు తప్పనిసరిగా ఇవ్వాల్సింది, ఏటీఎంతో కలిపి, నెలకు నాలుగు విత్‌డ్రాయల్స్. ఐదో దానికి ఏం వసూలు చేస్తారో ముందే అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు చిన్న చిన్న మొత్తాలు తీయకుండా ఒకేసారి తెచ్చుకుంటున్నాను, బ్యాలెన్స్ ఫోన్‌లోనే చూసుకుంటున్నాను.

ఈ ఖాతా ఉన్న బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉంచుకోకూడదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రం పెట్టుకోవచ్చు. నా జీతం ఖాతా వేరే బ్యాంకులోనే ఉంది కాబట్టి నాకా ఇబ్బంది రాలేదు.