మూడు ప్రశ్నల చీటీ

విశాఖలో ఎం.వి.పి. కాలనీలో నాకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. వేసవి మొదట్లో, ఏళ్లుగా వస్తున్నవాళ్లు కొందరు ఒక్క మాట చెప్పకుండా రావడం మానేశారు. కారణం తెలుసుకోవాలని పన్నెండు ప్రశ్నలతో ఒక ఫారం అచ్చు వేయించాను. పని చేసిన అమ్మాయే దాన్ని చేతికిచ్చి పక్కన నిలబడేది. అందరూ ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టి వెళ్లారు. ఎదురుగా ఉన్న పిల్ల మనసు నొప్పించడానికి ఎవరికి చేతులు వస్తాయి?

ఆ ఫారం పక్కన పెట్టి అరచేతిలో పట్టేంత చీటీ తయారు చేశాను. ఈ రోజు ఏ పని చేయించుకున్నారు? ఎక్కడ ఇబ్బంది అనిపించింది? మేము మార్చవలసిన ఒక్క విషయం ఏమిటి? పేరు రాయనక్కర లేదు. రాసి, తలుపు దగ్గరి డబ్బాలో వేసి వెళ్లవచ్చు. చీటీ మూలన తేదీ, వేళ, పని చేసిన అమ్మాయి పేరులో మొదటి అక్షరం నేనే ముందుగా రాసి ఇచ్చేదాన్ని. ఆ మూలే నన్ను కాపాడింది.

మూడు వారాల్లో 46 చీటీలు వచ్చాయి. వాటిలో 11 వ్యాక్సింగ్ గురించే: ‘ఒకే చోట రెండుసార్లు లాగారు’, ‘మంట తగ్గలేదు’, ‘వెంట్రుకలు మిగిలిపోయాయి’. ఎనిమిదింటి మీద కొత్తగా చేరిన అమ్మాయి అక్షరమే ఉంది. పిలిచి మందలించాలనే అనుకున్నాను. అంతలో చీటీలను వేళల వారీగా బల్ల మీద పరిచి చూశాను. పదకొండులో తొమ్మిది మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ మధ్యవి. ఉదయం పూట ఆ అమ్మాయి చేసినవాటిలో ఒక్క ఫిర్యాదూ లేదు. మధ్యాహ్నం సీనియర్ అమ్మాయి చేసినవాటిలో మాత్రం ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం పక్కన కూర్చుని చూశాను. ఎండలో స్కూటీ మీద వచ్చిన ఒకావిడ నేరుగా బల్ల మీద పడుకున్నారు. మోచేయి మడతలో చెమట మెరుస్తూనే ఉంది. స్ట్రిప్ లాగితే వ్యాక్స్ చర్మం మీదే జిగటగా మిగిలిపోయింది. పని చేస్తున్న అమ్మాయి వెంటనే అక్కడే మళ్లీ రాసి లాగింది. తడి చర్మం మీద వ్యాక్స్ సరిగా పట్టదు. రెండోసారి లాగితే అప్పటికే కందిన చర్మానికి ఇంకా దెబ్బ. మన సముద్రపు ఉక్కపోతలో ఆ చెమట దానంతటదే ఆరదు.

ఇప్పుడు వచ్చినవాళ్లను ముందు పది నిమిషాలు ఏసీలో కూర్చోబెడుతున్నాం. పొడి తువ్వాలుతో అద్ది, పౌడర్ పలుచగా రాసి మొదలుపెడుతున్నాం. మిగిలిన వెంట్రుకలను ప్లక్కర్‌తో తీయాలే తప్ప అక్కడ మళ్లీ వ్యాక్స్ వేయకూడదని చెప్పాను. తరువాతి మూడు వారాల్లో వ్యాక్సింగ్ ఫిర్యాదులు రెండే.

ఆ రెంటిలో ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. అది పోయినసారి సంగతి: ‘ఇంటికెళ్లాక మర్నాడు పొక్కులు వచ్చాయి’. నిజమే, ఆ పొక్కులు చాలాసార్లు మరుసటి రోజుకు గానీ కనబడవు. తలుపు దగ్గరి డబ్బాకు అవి ఎలా తెలుస్తాయి? అందుకే ఫోను నంబరు ఇవ్వడానికి ఇష్టపడినవాళ్లకు మర్నాడు సాయంత్రం ఒక్క ప్రశ్న పంపుతున్నాను: ‘చర్మం ఎలా ఉందండీ?’