గుండ్రంగా మారిన ఈ కోలై

ఈ వారం బెంగళూరులో మా ల్యాబ్‌లో ఈ కోలై అనే బ్యాక్టీరియాకి ఏ22 అనే మందు వేసి చూశాం. అది ఎంఆర్ఈబి అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. ఆ ప్రోటీన్ పోగులు పొర లోపలివైపు కణం చుట్టూ అడ్డంగా కదులుతూ కొత్త గోడ ఎక్కడ కట్టాలో చూపిస్తాయి కాబట్టి, అవి చెదిరిపోతే కడ్డీలా ఉండాల్సిన కణం కొన్ని తరాల్లోనే ఉబ్బి బంతి అయిపోతుంది. తిండి దండిగా ఉన్న ఎల్‌బీ అనే పెంపక ద్రవంలో అయితే పాపం లావెక్కి, విడిపోలేక చివరికి చచ్చాయి, ఎందుకంటే నడుము వెడల్పయ్యేకొద్దీ విభజన ఉంగరం కట్టడానికి ఎఫ్‌టిఎస్‌జడ్ ప్రోటీన్ చాలదు. తిండి తక్కువై నిదానంగా పెరిగే ద్రవంలో మాత్రం చిన్న బంతుల్లాగే విడిపోతున్నాయి! "ఎఫ్‌టిఎస్‌జడ్ కాస్త ఎక్కువ చేయిస్తే ఎల్‌బీలోనూ బతుకుతాయి" అంది సీనియర్ అక్క. స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకైతే ఎంఆర్ఈబి అసలు లేనే లేదు, దానికి గుండ్రమే మామూలు.