తాళంచెవి పక్కింట్లో, గడియ లోపల

రాత్రి రెండున్నరకి బాత్రూమ్‌కి లేచాను. తిరిగి వస్తుంటే కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. నాకు 74 ఏళ్ళు. ఎముకలు విరగలేదు గానీ లేవలేకపోయాను. ఫోను పడకగదిలో చార్జింగులో ఉంది. పక్క ఫ్లాటు అమ్మాయి దగ్గర నా తాళంచెవి ఉన్నా, లోపల గడియ వేసి ఉండడంతో అది పనికిరాలేదు. ఉదయం ఎనిమిదిన్నరకి తలుపు విరగ్గొట్టేదాకా నేలమీదే ఉన్నాను.

నన్ను ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచింది పడ్డ దెబ్బ కాదు, నేలమీద గడిపిన ఆ ఆరు గంటలు. ఒకే పక్కన కదలకుండా పడి ఉంటే కింద నలిగిన కండరం దెబ్బతిని, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేటు చేస్తాయి. నాకు మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. సెలైన్ ఎక్కించి, రోజూ రక్తపరీక్ష చేశారు. అందుకే ఇప్పుడు నా జాగ్రత్తలన్నీ నేలమీద ఉండే సమయాన్ని తగ్గించడం కోసమే.

పడిపోవడానికి కారణం బీపీ చూశాక తెలిసింది. ఐదు నిమిషాలు పడుకున్నాక పై అంకె 138, నిలబడిన మూడో నిమిషంలో 108. ఇరవై తగ్గినా పట్టించుకోవాల్సిందే. ప్రోస్టేటుకి వాడే మాత్ర వల్ల ఇలా జరగొచ్చని డాక్టరుగారు మందు మార్చారు. మాత్రను సొంతంగా ఆపేయడం మాత్రం తప్పు. ఇప్పుడు లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడే నిలబడతాను.

ముందుగా మార్చింది తలుపే. లోపలి గడియ తీసేయించాను. లోపలినుంచి వేసినా బయటినుంచి తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించాను. లోపలివైపు తాళంచెవి గుచ్చి వదిలేస్తే కొన్ని తాళాలు బయటినుంచి తెరుచుకోవు, అందుకని దాన్ని పక్కన కొక్కేనికి తగిలిస్తాను. బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది. పడ్డ మనిషే దానికి అడ్డమవుతాడు. దాన్ని బయటికి తెరుచుకునేలా తిప్పించాను.

"రోజూ ఒకసారి చూస్తాంలెండి అంకుల్" అన్న మాట సరిపోదు. ఎవరో ఒకరు చూసుంటారులే అని అందరూ ఊరుకుంటారు. అందుకే గడియారం లెక్కన పెట్టుకున్నాం. ఏడున్నరకి నేను మెసేజ్ పెట్టాలి. ఎనిమిదికల్లా రాకపోతే ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే బెల్ కొడుతుంది, ఎనిమిదింబావుకి తలుపు తీసేస్తుంది. తను ఊరెళితే కింది అంతస్తు ఆయన దగ్గర రెండో తాళంచెవి ఉంది. నేను ఊరెళితే ముందురోజే చెబుతాను.

రాత్రి పడితే ఈ పద్ధతికి ఉదయందాకా ఆగాలి. దానికే మెడలో అత్యవసర బటన్, స్నానానికీ తీయను. నెలకోసారి బాత్రూమ్ నేలమీద కూర్చుని నొక్కి చూస్తాను. మొదటిసారి నొక్కినప్పుడు హాల్లోని స్పీకరులో బటన్ సేవా కేంద్రంవాళ్ళు పిలుస్తున్నది నాకు వినపడలేదు. జవాబు రాకపోతే పొరపాటున నొక్కారనుకోకుండా వెంటనే పక్క ఫ్లాటుకి ఫోన్ చేయమని ఆరోజే వాళ్ళ దగ్గర రాయించాను.