ఏడో నెలలో చదివిన స్టేట్‌మెంట్

నెలకు 8,000 రూపాయలు పొదుపు చేయగలనని తేలినప్పుడు, మొత్తం షేర్లలో పెట్టే ఒక ఈక్విటీ ఫండ్‌లో సిప్, అంటే నెలనెలా వాయిదా, పెట్టేద్దామనుకున్నాను. కానీ అందులో 3,000 రెండేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజుకి కావాలి. 2020 జనవరి నుంచి మార్చి లోపు షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ దాదాపు 38 శాతం పడిపోయింది. ఫీజు కట్టాల్సిన నెలలో అలాంటిది జరిగితే, రెండేళ్లుగా కట్టిన 72,000 సుమారు 45,000కి దిగిపోవచ్చు. ఫీజు గడువు మార్కెట్ కోసం ఆగదు కదా. అందుకే ఆ 3,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కి మళ్లించాను. పదిహేనేళ్ల వరకు ముట్టుకోనవసరం లేని 5,000 మాత్రం ఫండ్‌లోకి వెళ్లింది. స్కీము కాగితాల్లో రిస్కు ఎంతో చూపే రిస్కోమీటర్ ముల్లు 'చాలా ఎక్కువ' దగ్గరే ఉంది. ఈ డబ్బుకి పడి లేచేంత సమయం ఉందని ఒప్పుకున్నాను.

తెలిసిన ఏజెంటే కేవైసీ, బ్యాంకు మ్యాండేటు పనులన్నీ చేసిపెట్టారు.

ఏడో నెలలో స్టేట్‌మెంట్ తీరిగ్గా చదివితే, స్కీము పేరు చివర 'రెగ్యులర్' అని కనిపించింది. అదే స్కీముకి 'డైరెక్ట్' ప్లాన్ కూడా ఉంది. షేర్లూ అవే, మేనేజరూ ఆయనే. తేడా అంతా ఏజెంటు కమిషన్‌లో ఉంది. నా ప్లాన్‌లో ఖర్చుల నిష్పత్తి, అంటే ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం, డైరెక్ట్ కన్నా ఇంచుమించు ఒక శాతం ఎక్కువ. దీనికి విడిగా బిల్లు రాదు, ఏ రోజు ఖర్చు ఆ రోజే ఎన్ఏవీలోంచి, అంటే యూనిట్ ధరలోంచి, తగ్గిపోతుంది. అందుకే అన్ని నెలలూ నా కంటపడలేదు. కూర్చుని లెక్కేశాను. నెలకు 5,000 చొప్పున పదిహేనేళ్లు కడితే, ఏటా 12 శాతం వస్తుందనుకుంటే 25.2 లక్షలు, 11 శాతమైతే 22.9 లక్షలు. ఆ రాబడికి గ్యారంటీ లేదు గానీ, ఆ ఒక్క శాతం ఖర్చు మాత్రం కచ్చితంగా పోతుంది. సలహా అవసరమైనవాళ్లకి ఆ కమిషన్ దండగని నేను అనను. నాకు దొరికింది మాత్రం ఫారం నింపిపెట్టడమే.

వెంటనే మొత్తం డైరెక్ట్‌కి మార్చేయబోయి ఆగాను. అలా మార్చడమంటే అమ్మి మళ్లీ కొన్నట్టే, లాభం మీద పన్ను లెక్కలోకి వస్తుంది. పైగా మా స్కీములో ఏడాది లోపు తీస్తే ఎగ్జిట్ లోడ్ పేరుతో ఒక శాతం కోత ఉంది. ఆ ఏడాదిని సిప్ మొదలైన రోజు నుంచి కాదు, ప్రతి వాయిదాకీ విడివిడిగా లెక్కపెడతారు. ఇది నాకు అప్పటిదాకా తెలియదు.

అందుకే పాత సిప్ ఆపేసి, మరుసటి నెల నుంచి అదే 5,000 డైరెక్ట్‌లో మొదలుపెట్టాను. పాత ఏడు వాయిదాలనీ కదిలించలేదు. ఒక్కోదానికి ఏడాది నిండాక ఆ యూనిట్లు మార్చాను. చివరిది మారేసరికి ఇంకో ఏడాది పట్టింది.