ఖాళీ రోడ్డు మీద మాయమైన బైకు: వీడియోలో బండ్లు లెక్కపెట్టిన నా అనుభవం

రిపోర్టు నిన్ననే పంపాను. చిరాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

పని చెప్పుకోవడానికి చిన్నదే. రోడ్డు పక్కన స్తంభానికి బిగించిన కెమెరా వీడియోలో ఎన్ని బండ్లు వెళ్లాయో, రకాల వారీగా పైథాన్‌తో లెక్క తేల్చాలి. వీడియో 1920x1080, సెకనుకు 25 ఫ్రేములు. బండ్లు ఎడమ నుంచి కుడికి, పక్క నుంచి కనిపిస్తూ పోతుంటాయి. లైబ్రరీ ఎక్కించుకోవడం, బొమ్మలో వస్తువులను గుర్తుపట్టే యోలో మోడల్ దింపుకోవడం, మొదటి ఫ్రేములో కార్ల చుట్టూ పెట్టెలు చూసి మురిసిపోవడం, ఇవన్నీ ఒక పూటలో అయిపోతాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

అసలు బాధ వేరే. నాకంటే ముందు ఈ పని చూసినాయన రాసి వదిలేసిన స్క్రిప్టునే వాడాలన్నారు. ఇచ్చిన లాప్‌టాప్‌లో జీపీయూ లేదు. అందుకని మూడు ఫ్రేములకు ఒకటే చూసేలా ఆయన పెట్టుకున్నాడు. నేను అభ్యంతరం చెబితే, "బండ్లు ఎక్కడికి పోతాయండీ, తర్వాతి ఫ్రేములో ఉంటాయిగా" అన్నారు ఆఫీసువాళ్లు. స్క్రిప్టులో ముఖ్యమైన ముక్క ఇది:

```python
from ultralytics import YOLO

model = YOLO("yolov8n.pt")
for r in model.track("clip.mp4", stream=True,
                     tracker="bytetrack.yaml",
                     classes=[2, 3, 5, 7], vid_stride=3):
    if r.boxes.id is None:
        continue
    count_in_band(r.boxes)
```

2, 3, 5, 7 అంటే మోడల్ నేర్చుకున్న కోకో అనే బొమ్మల డేటాసెట్ వరుసలో కారు, మోటార్‌సైకిల్, బస్సు, ట్రక్కు. ఇక ట్రాకర్ అనేది ఫ్రేము నుంచి ఫ్రేముకు ఒకే బండిని వెంబడించి, దానికి ఒక ఐడీ నంబరు ఇచ్చే భాగం. చివరి ఫంక్షన్ చేసేదేమిటంటే, రోడ్డుకు అడ్డంగా గీసిన ఒక పట్టీలోకి కొత్త ఐడీ నంబరుతో ఏ బండి వచ్చినా దాన్ని ఒకటిగా లెక్కేసుకోవడం.

పావుగంట క్లిప్పును ఇద్దరు కూర్చుని కళ్లతో చూసి లెక్కపెట్టారు. మొత్తం 512 బండ్లు. స్క్రిప్టు చెప్పింది 507. తేడా ఐదే! ఆఫీసంతా 99 శాతం, 99 శాతం అని ఒకటే సంబరం. సమీక్ష సమావేశంలో ఆ అంకెను స్లైడు మీద పెద్దక్షరాల్లో వేశారు, దాన్ని వివరించే పని నాకు అంటగట్టారు.

అక్కడ ట్రాఫిక్ ఇంజినీరు ఒకాయన స్లైడు వైపు చూడనే లేదు. పెట్టెలు గీసిన వీడియో పెట్టమన్నారు. కాస్త ముందుకు జరిపించి, రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉన్న చోట ఆపించారు. ఎడమ నుంచి ఒక బైకు వచ్చింది, ఒకే ఒక్కటి. ముందూ వెనకా ఏ అడ్డూ లేదు, ఎండ బాగుంది, బైకు స్పష్టంగా ఉంది. పట్టీ దాటి కుడివైపు వెళ్లిపోయింది. మూలన ఉన్న లెక్క కదల్లేదు. "ఇంత ఖాళీ రోడ్డు మీద ఒక్క బైకు కనపడలేదా బాబూ మీ మిషనుకి? మరి రద్దీలో ఎట్లా లెక్కపెట్టిందంటావు?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. ఫ్రేములు వదిలేయమన్నవాళ్లు కూడా నవ్వారు, అదీ కడుపుమంట.

అందరూ ముందు మోడల్‌నే అనుమానించారు. చిన్న మోడల్ వాడారు, పెద్దది పెట్టండి అని ఒక ఉచిత సలహా. కానీ ఆ వీడియోను ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే వింత కనిపించింది. బైకు చుట్టూ పెట్టె ఉంది. పైన `motorcycle` అని పేరూ, 0.8 చుట్టుపక్కల నమ్మకమూ ఉన్నాయి. లేనిది ఐడీ నంబరు ఒక్కటే. అంటే మోడల్ బైకును చూసింది. చూసిన బైకుకు నంబరు ఇవ్వనిది ట్రాకర్. నంబరు లేదు కాబట్టి స్క్రిప్టులోని ఆ `continue` దాన్ని చడీచప్పుడు లేకుండా దాటేసింది. పక్కన నంబరున్న ఇంకో బండి ఉంటే, నంబరు రాని బైకు పెట్టె కూడా గీసిన వీడియోలోంచి పోతుంది. ఖాళీ రోడ్డు కాబట్టే ఈ ఆధారమైనా మిగిలింది.

నంబరు ఎందుకు రాలేదో తెలియాలంటే స్క్రిప్టు వాడిన ట్రాకర్, బైట్‌ట్రాక్ పని తీరు చూడాలి. అది బండి రంగూ రూపూ చూడదు. ఇంతకు ముందు ఫ్రేములోని పెట్టె, ఇప్పటి ఫ్రేములోని పెట్టె ఎంత మేర ఒకదాని మీద ఒకటి పడుతున్నాయన్నదే దానికి ఆధారం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వైశాల్యాన్ని, రెండూ కలిపి ఆక్రమించిన వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే ఐఓయూ. కొంతసేపు వెంబడించిన బండి అయితే దాని వేగాన్ని బట్టి తర్వాత ఎక్కడుంటుందో ట్రాకర్ అంచనా వేసుకుంటుంది. అప్పుడే వచ్చిన బండికి ఆ అంచనా లేదు, వేగం సున్నా అనే అనుకుంటుంది. పైగా మొదటిసారి కనపడగానే నంబరు బయటపెట్టదు. చూసే తర్వాతి ఫ్రేములో కూడా పెట్టె కలిస్తేనే ఖాయం చేస్తుంది, కలవకపోతే కొట్టేస్తుంది. ఆ కలయికకు అల్ట్రాలిటిక్స్ కోడులో మామూలుగా ఉండే సెట్టింగుల ప్రకారం, ఐఓయూను నమ్మకంతో గుణిస్తే కనీసం 0.3 రావాలి.

ఇప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బైకును తీసుకోండి. సెకనుకు 11.1 మీటర్లు. 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 0.44 మీటరు జరుగుతుంది, మూడు ఫ్రేములకు 1.33 మీటర్లు. బైకు పొడవు సుమారు 2 మీటర్లు. ఉమ్మడిగా మిగిలేది 0.67, రెండూ కలిపితే 3.33, అంటే ఐఓయూ 0.20. నమ్మకం 0.8తో గుణిస్తే 0.16. 0.3 దాటలేదు, కొట్టేసింది. తర్వాతి ఫ్రేములో మళ్లీ కొత్త బైకనుకుంటుంది, మళ్లీ కొట్టేస్తుంది. తెర చివరిదాకా ఇదే తంతు. అదే వేగంతో పోయే 4 మీటర్ల కారుకు ఐఓయూ 0.50, గుణిస్తే 0.40. హాయిగా దాటింది. ఇక ఫ్రేములేవీ వదలకుండా చూస్తే అదే బైకుకు ఐఓయూ 0.64, గుణిస్తే 0.51.

ఇంజినీరు గారి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. రద్దీలో బైకులు మెల్లగా పోతాయి, అందుకే అక్కడ లెక్కకొచ్చాయి. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్లినవే లెక్క తప్పాయి. రద్దీలో బాగా పనిచేసి ఖాళీలో తప్పే లెక్క ఎక్కడైనా కనిపిస్తే, మోడల్ మార్చే ముందు ఫ్రేములు ఎన్ని వదిలేస్తున్నారో చూడండి.

మరి బైకులు అన్ని పోతే మొత్తం 507 ఎలా వచ్చింది? నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. కళ్లతో లెక్కపెట్టినవాళ్ల దగ్గర ఒక్కో బండికీ సమయం, రకం రాసిన పట్టిక ఉంది. స్క్రిప్టు లెక్కలకూ సమయం తీసి, ఒక సెకను లోపు ఒకే రకం బండి ఉంటే జత చేశాను. 268 బైకులకు స్క్రిప్టు 221 చెప్పింది, వాటిలో నిజంగా జతపడినవి 209. అంటే 59 బైకులు గల్లంతు, 12 లేనివి పుట్టాయి. కార్లు 203 అయితే 236 చెప్పింది. 12 బస్సులు 19 అయ్యాయి, 29 ట్రక్కులు 31.

కార్లు పెరగడానికి కారణం ఆ పట్టీ. దగ్గరి వరుసలో బస్సు పోతుంటే దూరపు వరుసలోని కారు కొంచెం కొంచెంగా దాని వెనక్కి పోతుంది. పెట్టె సన్నబడుతుంది, దాని మధ్యబిందువు అసలు కారు కంటే మెల్లగా కదులుతున్నట్టు అవుతుంది, ట్రాకర్ అంచనా చెడుతుంది. బస్సు దాటాక అదే కారు కొత్త నంబరుతో ప్రత్యక్షం. పట్టీలో కొత్త నంబరు కాబట్టి స్క్రిప్టు ఇంకోటి వేసేసింది. బస్సులు పెరగడానికి ఇంకో కారణం తోడైంది. తెర అంచున సగమే కనిపించే ట్రక్కును మోడల్ బస్సంటుంది, స్క్రిప్టేమో మొదట చూసిన పేరునే ఖాయం చేసుకుంటుంది.

అంటే ఇటు పోయినవీ అటు పెరిగినవీ సరిపోయి 507 అయ్యింది. రెండు లెక్కల మధ్య తేడా ఎంతో చెప్పడానికి ట్రాఫిక్ వాళ్లు వాడే జీఈహెచ్ కొలత ఒకటుంది, గంట లెక్కల మీద వేస్తారు, 5 లోపు ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. పావుగంటను నాలుగుతో హెచ్చవేసి చూస్తే మొత్తానికి 0.4 వచ్చింది, భేషుగ్గా పాసు. బైకులకు విడిగా వేస్తే 6.0, ఫెయిలు. మొత్తం అంకె మాత్రమే అడిగే ఆఫీసుకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఎవరైనా "మా దగ్గర 99 శాతం" అంటే, జతపరిచిన పట్టిక చూపించమనండి. చూపించకపోతే ఆ అంకె ఉత్తదే.

మార్చినవి మూడు. `vid_stride=3` తీసేశాను, లాప్‌టాప్ రాత్రంతా మూలుగుతూ కూర్చుంది. పట్టీ బదులు ఒక గీత పెట్టాను. ఒకే నంబరున్న బండి గీతకు ఇటు నుంచి అటు వెళ్తేనే లెక్క. పేరు మాత్రం ఆ నంబరుకు ఎక్కువసార్లు వచ్చినదే ఖాయం. గీతకూ ఒక లోపముంది, దాచను. సరిగ్గా గీత దగ్గర నంబరు మారితే పాతది దాటనట్టూ, కొత్తది మొదటి నుంచీ అవతలే ఉన్నట్టూ అవుతుంది, ఆ బండి లెక్కకు రాదు. పట్టీ ఎక్కువ చెబుతుంది, గీత తక్కువ చెబుతుంది. బండ్లు ఒకదాన్నొకటి తక్కువగా కప్పుకునే చోట గీత పెట్టుకోవాలి.

ఇప్పుడు బైకులు 254, అందులో జతపడినవి 251. కార్లు 197, బస్సులు 12, ట్రక్కులు 30. మొత్తం 493. చూశారుగా, ఒక్కో రకంలో లెక్క బాగుపడింది, మొత్తం మాత్రం 512కి ఇంకా దూరమైంది! "మొన్న 99 ఉండేది, నువ్వు చెయ్యి పెట్టాక 96 అయ్యిందేమిటి?" అని ఆఫీసులో నిలదీశారు. పట్టిక ముందు పెట్టి వరుస వరుసా చదివి వినిపించాను. ఒప్పుకున్నారో, విసిగి వదిలేశారో చెప్పలేను.

ఇంకా దొరకని 17 బైకులనూ వీడియోలో వెతికి చూశాను. 11 బైకులు దగ్గరి వరుసలోని బస్సు, ట్రక్కుల వెనక పూర్తిగా దాగి పోయాయి. కళ్లతో లెక్కపెట్టినవాళ్లకైనా అవి ముందో వెనకో కనిపించాయి కానీ, గీత దగ్గర బొమ్మలోనే లేవు. నాలుగు చోట్ల రెండు బైకులు పక్కపక్కన పోతుంటే రెండింటికీ కలిపి ఒకే పెట్టె. మిగిలిన రెండూ ఎందుకు పోయాయో తేలలేదు. పెద్ద మోడల్ పెట్టినా, మోడల్‌కు ఇచ్చే బొమ్మ సైజు `imgsz` పెంచినా ఆ 11 రావు. కెమెరా ఇంకా ఎత్తున ఉండి కిందికి చూడాలి, అప్పుడే బస్సు పైనుంచి దూరపు వరుస కనిపిస్తుంది. ఇంకో సంగతి, కోకోలోని 80 రకాల్లో మూడు చక్రాల ఆటో లేదు. ఈ రోడ్డు మీద అవి లేవు కాబట్టి బతికిపోయాను. ఉన్న చోట మోడల్ దాన్ని కారులోనో ట్రక్కులోనో కలిపేస్తుంది. అలాంటి చోట సొంతంగా బొమ్మలు గుర్తుపెట్టి మోడల్‌కు మళ్లీ నేర్పక తప్పదు.

ఇదంతా రిపోర్టులో రాసి, కెమెరా ఎత్తు పెంచమని అడిగాను. స్తంభం తమ శాఖ కిందికి రాదని ఈ ఉదయం జవాబొచ్చింది. బైకుల వరుసలో "దూరపు వరుసలో తక్కువ చూపవచ్చు" అన్న గమనిక తీసేయమని కూడా అడిగారు. నేను తీయలేదు.