ప్లేస్కూల్ ఆట నోట్స్: పక్కపక్కన ఆడుతున్నారా, కలిసి ఆడుతున్నారా?

బెంగళూరులో ప్లేస్కూల్ టీచర్‌గా టర్మ్ చివర నేను రాసే రిపోర్టులో "అందరితో కలుస్తున్నాడు" అన్న మాటకి విలువ లేదు. ఎప్పుడు, ఎవరితో, ఏం చేస్తూ అని అమ్మానాన్నలు అడుగుతారు. అందుకే తేదీ వేసి అప్పటికప్పుడు రాసుకుంటాను. పిల్లలు తోటివాళ్లతో ఎలా ఆడతారో చూసి 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ఆరు రకాల వర్గీకరణే నాకు ఆధారం. ఆమె పద్ధతిలోనే, పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకునే వేళ ఒక్కొక్కరిని ఒక నిమిషం చూస్తాను.

చిక్కంతా పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వాళ్లు ఆడే పారలల్‌కీ, ఇచ్చిపుచ్చుకుంటూ ఆడే అసోసియేటివ్‌కీ మధ్యే. మూడున్నరేళ్ల బాబు నోట్స్ చూడండి. ఇంట్లో తెలుగు, క్లాసులో ఎక్కువమందిది కన్నడ.

"18-6-2024, 10:20, బ్లాకులు. మూరెడు దూరంలో ఇంకో బాబు. ఎవరి టవర్ వాళ్లదే. పక్క టవర్ చూసి తనూ పైన ఎర్ర బ్లాక్ పెట్టాడు. మాటల్లేవు."

పక్కవాణ్ని చూసి అలాగే చేసినా ఇది పారలలే. ఇచ్చిపుచ్చుకోవడం లేదు, మాట లేదు.

"9-7-2024, 10:35, వంటసామాన్ల మూల. ఒక పాప కన్నడలో 'కొడు', అంటే ఇవ్వు, అని చెయ్యి చాపింది. గరిటె ఇచ్చాడు. 'నాకు గిన్నె' అన్నాడు, పాప ఇచ్చింది. తర్వాత ఎవరి వంట వాళ్లు చేసుకున్నారు."

ఇది అసోసియేటివ్. వస్తువులు చేతులు మారాయి కానీ ఇద్దరికీ కలిపి ఒక పని లేదు. ఆ గరిటె నేను ఇమ్మంటే ఇచ్చి ఉంటే మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకోను. పెద్దవాళ్లు కల్పించుకున్నప్పుడు ఆ సంగతి నోట్‌లోనే రాయాలి, నెల తర్వాత గుర్తుండదు.

"13-8-2024, 10:15, కుర్చీలతో బస్సు. ఇంకో బాబు డ్రైవర్, తను కండక్టర్. కాగితం చింపి టికెట్లు ఇచ్చాడు. లేచిన పాపతో 'సిల్క్ బోర్డ్ రాలేదు, కూర్చో' అన్నాడు."

పాత్రలు పంచుకున్నారు, అందరిదీ ఒకే ఆట. ఇది కోఆపరేటివ్.

నోట్స్‌లో "సిగ్గుపడ్డాడు", "మొండికేశాడు" లాంటి మాటలు రాయను. చేసిన పని, అన్న మాట ఉంటే చాలు, నిర్ణయం తర్వాత చేసుకోవచ్చు. జూన్‌లో మాటల్లేకపోవడానికి భాష కూడా కారణం కావచ్చు. అదే మూలలో తెలుగు వచ్చిన పిల్లలున్న రోజు మళ్లీ చూడకుండా "వెనకబడ్డాడు" అనేయకూడదు. ఇంకోటి, ఇవి ఎక్కేసి వదిలేసే మెట్లు కావు. బస్సు ఆడిన మర్నాడే ఒక్కడూ కూర్చుని పజిల్ పెట్టుకుంటే అది వెనక్కి పోవడం కాదు, ఆ పనే అలాంటిది.

రిపోర్టులోకి ఇలా ఎక్కించాను: "జూన్‌లో తోటి పిల్లల పక్కన తన ఆట తను ఆడుకునేవాడు. జూలైలో వస్తువులు అడగడం, ఇవ్వడం కనిపించింది. ఆగస్టులో బస్సు ఆటలో కండక్టర్ పాత్ర తీసుకుని, ప్రయాణికులతో తెలుగులోనే మాట్లాడాడు." మిగతా పిల్లల పేర్లు అందులో రాయను. ఆ కాగితం వేరే ఇంటికి వెళ్తుంది.